మంచం కింద బిస్కెట్ కాగితాలు దొరికాయి. బీరువా తాళం తీసేయాలా, ఉంచాలా?

కృష్ణలంక అమ్మ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. జూన్ చివర్లో స్కూల్లో హెల్త్ చెకప్ చేసి ఒక కాగితం ఇంటికి పంపారు. ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 35 కిలోలు, పక్కన ఎర్ర ఇంకుతో ‘ఓవర్ వెయిట్’ అని ఉంది. కవర్లో పెట్టకుండా పాప చేతికే ఇచ్చారు. బస్సులో పిల్లలందరూ చదివేశారట.

నాకు భయం పట్టుకుంది. చిరుతిళ్లన్నీ వంటింటి బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండోసారి అన్నం అడిగితే ‘ఇక చాలమ్మా’ అంటున్నాను. ప్రతి ఆదివారం తూకం చూస్తున్నాను. ఎవరింటికైనా వెళ్తే తను స్వీటు మీద చెయ్యి వేయగానే నా వైపు చూస్తుంది. నేను కళ్లతోనే వద్దంటాను.

మొన్న పరుపు ఎండలో వేద్దామని ఎత్తితే కింద పదకొండు బిస్కెట్ కాగితాలు. ఒక్కోటి చీటీ అంత చిన్నగా, నాలుగు మడతలు పెట్టి, వరసగా పేర్చి ఉంది. ఒక టిష్యూలో సగం లడ్డూ, చీమలు పట్టి. తిట్టలేదు. అడిగాను, అంతే. అది ఏడుస్తూ ‘నేను ఎన్ని కిలోలు అయితే తాళం తీస్తావమ్మా’ అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తాళం తీస్తే బరువు ఇంకా పెరుగుతుందేమో. తీయకపోతే పిల్ల దొంగతనంగా తినడం నేర్చుకుంటోంది. ఏం చెయ్యమంటారు?

ఓరుగల్లు నాన్న (వరంగల్)

అక్కా, మా పెద్దోడికి పన్నెండేండ్లు. మా ఇంట్ల ఇదే కథ. నేనైతే రాత్రి అన్నం బంద్ పెట్టిన, రెండు రొట్టెలే. పొద్దుగాల పాలల్ల కలిపే మాల్ట్ పొడి ఆపేసిన. అండ్ల చక్కెర ఉంటది, మా ఇంటామె మీదికెళ్లి ఇంకో రెండు చెంచాలు ఏసేది, రోజుకు రెండు గ్లాసులు. కూల్ డ్రింకులు ఇంట్లకే తేనీయ. ప్రతి ఆదివారం తూకం. తగ్గితే వంద రూపాయలు ఇస్త. రెండు నెలలల్ల రెండు కిలోలు తగ్గిండు.

గట్టిగ ఉండకపోతే పిల్లలు మాట వినరు. నువ్వు తాళం తీస్తే మళ్లీ మొదటికొస్తది.

తులసికోట (కాకినాడ)

కృష్ణలంక అమ్మగారూ, నేను డైటీషియన్‌ని. ఇరవై ఏళ్లుగా పిల్లల డాక్టర్ల దగ్గరే పని చేస్తున్నాను. మంచం కింద కాగితాలు చూసి నా దగ్గరికి వచ్చిన తల్లుల్లో మీరు మొదటివారు కాదు. పిల్ల మీద కోపం రాకుండా ఆగగలిగారు, అది పెద్ద పని.

తాళం సంగతి చెప్పే ముందు కొన్ని అడగాలి. పోయినేడాది ఎత్తు, బరువు ఎంతో రాసిపెట్టారా? మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా ఉందా? నిద్రలో గురక పెడుతుందా? ఆస్తమాకో అలర్జీకో స్టెరాయిడ్ మందులు వాడుతున్నారా? ఇవన్నీ లేవంటే ఇంకో ప్రశ్న: పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏ టైముకి ఏం తింటుంది? ఎంత తింటుంది అని అడగడం లేదు. టైములు రాయండి చాలు.

ఓరుగల్లు నాన్నగారూ, మాల్ట్ పొడి విషయంలో మీరు చేసింది మంచి పని. మిగతావాటి మీద నాకు అనుమానాలున్నాయి. తర్వాత మాట్లాడదాం.

చిన్నోడి అమ్మ (నెల్లూరు)

మా బాబుకి అయిదేళ్లు, 15 కిలోలే. ఏమీ తినడు. గంటన్నర వెంటపడి, ఫోన్ చూపిస్తూ నోట్లో పెట్టాలి. ఇక్కడ పిల్లల బరువు గురించి మాట్లాడుకుంటున్నారని చూసి వచ్చాను. ఆకలి పుట్టించే సిరప్ ఏదైనా మంచిది ఉంటే చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక అమ్మ

తులసికోట గారూ, పోయినేడాది ఇదే రోజుల్లో ఎత్తు 128, బరువు 30న్నర. డాక్టరు గారి ఫైల్లో ఉంది. మెడ మామూలుగానే ఉంది. గురక లేదు. మందులేమీ లేవు.

టైములు రాస్తుంటే నాకే ఎలాగో అనిపించింది. ఏడుంబావుకి అట్టు సగం తిని, పాలు గుటగుటా తాగి పరిగెడుతుంది. ఏడు నలభైకి బస్సు. పన్నెండున్నరకి లంచ్ బాక్సు. చపాతీ, కూర పెడుతున్నాను, బరువు కోసం అన్నం మానేశాను. సగం వెనక్కి వస్తోంది. నాలుగున్నరకి ఇంటికి. అప్పుడు కీరదోస ముక్కలో, ఒక యాపిలో ఇస్తున్నాను. ఆరింటికి ట్యూషన్. వాళ్ల నాన్న వచ్చాక తొమ్మిదింటికి అందరం కలిసి భోంచేస్తాం. అప్పుడు మూడోసారి కూడా అన్నం అడుగుతుంది. నేను వద్దంటాను.

నాలుగున్నరకి, తొమ్మిదింటికి మధ్యలో మా అత్తయ్య నాకు తెలియకుండా జంతికలూ మిక్చరూ ఇస్తోందని ఇప్పుడు తెలిసింది. బిస్కెట్లు మాత్రం నేను దాచిన చోటు నుంచే తీసింది. తాళంచెవి ఎక్కడ పెడతానో చూసిందట.

తులసికోట

జవాబు మీరు రాసిన టైముల్లోనే చాలావరకు ఉంది.

పొద్దున సగం అట్టు, మధ్యాహ్నం సగం బాక్సు. తొమ్మిదేళ్ల పిల్ల నాలుగున్నరకి ఇల్లు చేరేసరికి రోజంతటి ఆకలి మూటగట్టుకుని వస్తోంది. ఆ ఆకలి ముందు కీరదోస ముక్కలు పెట్టారు. ఆ పిల్ల మిక్చర్ వెతుక్కుంటుంది, తాళంచెవీ వెతుక్కుంటుంది. రాత్రి తొమ్మిదింటికి మూడోసారి అన్నం అడగడాన్ని మీరు తిండియావ అనుకున్నారు. అది మధ్యాహ్నం బాకీ.

తాళం ఏం చేస్తుందో చెప్తాను. 1999లో అమెరికాలో ఫిషర్, బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు బడికి కూడా రాని వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక రకం తినుబండారం ఎదురుగా కనిపించేలా ఉంచి, తీసుకోవడానికి కొద్దిసేపే ఒప్పుకున్నారు. ఇంకోటి ఎప్పుడైనా తీసుకోవచ్చు. కట్టడి చేసిన దాని గురించే పిల్లలు ఎక్కువ మాట్లాడారు, దానికే ఎక్కువ ఆరాటపడ్డారు. మీ బీరువాలో జరిగిందీ అదే. అదివరకు బిస్కెట్ బిస్కెటే, తాళం పడ్డాక నిధి అయింది.

మా పనిలో ఎలిన్ సాటర్ అనే ఆవిడ పద్ధతి ఒకటి వాడతాం. చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. ఏం వండాలి, ఎన్నింటికి పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి అమ్మానాన్నల చేతిలో ఉంటాయి. పెట్టిన దాంట్లో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్ల చేతిలో ఉంటుంది. మీరిప్పుడు పిల్ల పనిని మీ మీద వేసుకున్నారు, మీ పనిని అత్తగారికీ మిక్చర్ డబ్బాకీ వదిలేశారు.

మీ ఇంట్లో అయితే ఇలా మొదలుపెట్టమంటాను. నాలుగున్నరని చిరుతిండి టైము అనుకోకండి, భోజనం టైము అనుకోండి. పెరుగన్నం, ఆమ్లెట్, పెసరట్టు, గుగ్గిళ్లు, అటుకుల ఉప్మా, ఏదో ఒకటి కడుపు నిండేది. పక్కన పండు. కూర్చోబెట్టి పెట్టండి, చాలనే దాకా తిననివ్వండి. రాత్రి భోజనం ఏడున్నరకి లాగండి. వాళ్ల నాన్న కోసం ఆగొద్దు, మీరో నానమ్మో పక్కన కూర్చుని తినండి చాలు. లంచ్ బాక్సులో చపాతీ మానేసి, పిల్ల ఇష్టంగా తినే పప్పన్నమో పులిహోరో పెట్టి చూడండి. బాక్సు ఖాళీగా వచ్చిన రోజు సాయంత్రం ఎలా ఉంటుందో గమనించండి.

మధ్యమధ్యలో ఏదైనా అడిగితే ‘ఏడున్నరకి అన్నం తిందాం’ అనడం కట్టడి కాదు. అది మీ పని. ‘నీకు వద్దు, నువ్వు లావవుతావు’ అనడంతోనే తేడా వస్తుంది.

తాళం తీసేయండి. దానికంటే ముందు ఆ బీరువాలో అంత సరుకు ఎందుకుందో చూడండి. ఆరు రకాల బిస్కెట్లు కొనకుండా ఉండటానికి తాళం అక్కర్లేదు. వారంలో రెండు మూడుసార్లు సాయంత్రం పళ్లెంలోనే లడ్డూనో బిస్కెట్లో పెట్టండి, అన్నంతో పాటే, ఏ వ్యాఖ్యానమూ లేకుండా. కూర తింటేనే లడ్డూ అని షరతు పెట్టొద్దు.

ముందే హెచ్చరిస్తున్నాను: మొదటి రెండు మూడు వారాలు పాప ఎక్కువ తింటుంది. మళ్లీ తాళం పడుతుందేమోనని తింటుంది. ఎక్కువ మంది తల్లులు అక్కడే భయపడి వెనక్కి వెళ్లిపోతారు.

సున్నిపిండి (అనంతపురం)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అమ్మాయికి పదకొండేళ్లు, బొద్దుగా ఉంటుంది. మెడ వెనక నల్లగా ఉంటే మట్టి అనుకుని రెండేళ్లుగా సున్నిపిండితో రుద్దుతున్నాను. పోవడం లేదు. పైన మీరు మెడ గురించి ఎందుకు అడిగారు?

తులసికోట

అమ్మా, ఇక రుద్దకండి. అది మట్టి కాదు. చర్మం వెల్వెట్ గుడ్డలా మందంగా, నల్లగా అయితే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయకపోవడానికి అది గుర్తు కావచ్చు. పిల్ల శుభ్రంగా లేకపోవడం వల్ల రాదు, రుద్దితే పోదు, రుద్దినకొద్దీ పుండవుతుంది. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకి చూపించండి. షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు రాస్తారు. మీ విషయంలో ఇంట్లో పద్ధతులు మార్చుకుని చూద్దామని ఆగడానికి లేదు. రెండూ కలిసి సాగాలి. పాపకి మాత్రం ‘నువ్వు సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల కాదు, నేనే పొరబడ్డాను’ అని చెప్పండి. రెండేళ్లు ఆ మాట పడి ఉంటుంది.

నెల్లూరు చిన్నోడి అమ్మగారూ, మీ ప్రశ్న వేరు అనుకున్నారు గానీ సగం జవాబు ఇదే. సిరప్ వద్దు. అయిదేళ్లకి 15 కిలోలు తక్కువ వైపే, కానీ దాన్నొక్కదాన్నే చూసి ఏమీ చెప్పలేం. ఎత్తెంత, రెండేళ్లుగా ఎదుగుదల చార్టులో ఏ గీత మీద నడుస్తున్నాడు, మీ ఇద్దరి ఒళ్లు ఎలాంటివి, ఇవి డాక్టరు చూడాలి. ఫోన్ ఆపి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తిన్నంత తిననిచ్చి కంచం తీసేయండి. మళ్లీ మూడు గంటల తర్వాత పెట్టండి. వద్దన్న పిల్లాడి నోట్లో కుక్కడం, అడిగిన పిల్ల కంచం లాక్కోవడం రెండూ ఒకటే తప్పు. ‘చాలు’ అనే పిల్లల మాటని మనం నమ్మడం లేదు.

నందివర్ధనం (హైదరాబాద్)

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. కానీ ఆ మడతపెట్టిన కాగితాలు చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను కూడా అలాగే మడతపెట్టేదాన్ని. పెద్దగా ఉంటే చెత్తబుట్టలో చప్పుడవుతుందని.

మా ఇంట్లో తమ్ముడికి నెయ్యి కారం దోసె, నాకు నూనె లేని చపాతీ. ఒకే బల్ల మీద, ఒకే టైముకి. వాడు సన్నం, నేను లావు. పెళ్లిళ్లలో మా పెద్దమ్మ నా విస్తరి చూసి ‘దీనికి బూరెలు వెయ్యకండమ్మా’ అని వడ్డించేవాళ్లతో అరిచేది. అమ్మ నవ్వేది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. నేను పెళ్లిలో ఏమీ తినేదాన్ని కాదు, అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇంటికొచ్చి బాత్రూంలో తలుపేసుకుని తినేదాన్ని, నిలబడి, రుచి కూడా తెలియకుండా.

ఇప్పటికీ నలుగురిలో నాకు తినడం రాదు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నా బరువు సంగతి అంటారా, ఇన్నేళ్ల కాపలా తర్వాత కూడా తగ్గలేదు.

అక్కా, ఒక్కటే అడుగుతున్నాను. పాప కోసం ఏ వంట మార్చినా అది ఇంట్లో అందరికీ మార్చండి. ఒక్క పిల్లకి వేరే కంచం పెట్టకండి.

తెనాలి నానమ్మ

నా మనవరాలు టైపు చేసి పెడుతోంది. ఇందాకటి నుంచి చదివి వినిపిస్తోంది, అన్నిటికీ ముసలివాళ్లదే తప్పన్నట్టుంది. బడి నుంచి వాడిపోయిన మొహంతో వచ్చిన పిల్ల ‘నానమ్మా ఆకలి’ అంటే కీరదోసకాయ ముక్కలు చేతిలో పెడతామా? ఆ విజయవాడ పిల్ల నానమ్మకి ఆకలి కనపడింది. తల్లికి బరువు కనపడింది.

అయితే దొంగతనంగా పెట్టడం మటుకు తప్పే. ఆ తప్పు నేనూ చేశాను.

తులసికోట

నానమ్మగారూ, మీ మాట అక్షరాలా నిజం. ఆ ఇంట్లో ఆకలిని ముందు గుర్తుపట్టింది వాళ్ల నానమ్మే. కృష్ణలంక అమ్మగారూ, నాలుగున్నర భోజనం మీ అత్తగారికే అప్పగించండి. ఏం చేయాలో ఇద్దరూ పొద్దునే మాట్లాడుకోండి. ఆవిడ చేత్తో, అందరికీ తెలిసేలా పెడితే చాటుగా పెట్టాల్సిన పని ఆవిడకి ఉండదు. జంతికలు చేసిన రోజు జంతికలు కూడా ఆ పళ్లెంలోకే వస్తాయి.

ఇక అంకెల సంగతి. బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ. పాపది 35ని 1.34తో రెండుసార్లు భాగిస్తే 19.5 దగ్గరకి వస్తుంది. పోయినేడాది 18.6. పెద్దవాళ్ల లెక్క ప్రకారం ఇవి మామూలు అంకెలే. పిల్లలకి వయసును బట్టి గీతలు వేరు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల 2015 చార్టులో 23, 27 అని రెండు పై గీతలుంటాయి. పెద్దయ్యాక ఆ అంకెలకి చేరే దారులవి. తన వయసు దగ్గర చూస్తే మీ పాప ఆ రెండు గీతల మధ్యలో ఉంది. పోయినేడాది కంటే కాస్త పైకి వెళ్తోంది కాబట్టి పట్టించుకోవాలి, స్కూలు వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఎత్తు ఏడాదికి ఆరు సెంటీమీటర్లు పెరిగింది. థైరాయిడ్ లాంటి జబ్బుల్లో మామూలుగా ఎత్తు పెరగడం నెమ్మదిస్తుంది. ఇక్కడ అది లేదు.

పాప ఒక్క కిలో కూడా తగ్గక్కర్లేదు. వచ్చే ఏడాదికి 140కి చేరి, నాలుగున్నరకి బదులు రెండు కిలోలే పెరిగి 37 అయిందనుకోండి, బీఎంఐ 18.9కి దిగుతుంది. ఎత్తే మన పని సగం చేసిపెడుతుంది. ఇంకోటి, ఈ వయసులో ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యే ముందు కాస్త ఒళ్లు చేస్తారు. అది సహజం. కాబట్టి అంకె సరిగ్గా నా లెక్క ప్రకారమే వస్తుందని మాట ఇవ్వను.

ఆదివారం తూకం ఆపండి. వారానికి మారే అరకిలో నీళ్లూ మలమూ, పిల్ల కాదు. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గర ఎత్తూ బరువూ రెండూ చూడండి చాలు.

గ్రౌండు మాస్టారు (సిద్దిపేట జిల్లా)

నేను హైస్కూల్ల పీఈటీని. ఒక్క మాట. లావుగున్న పిల్లలను ‘తగ్గుతవ్, నాలుగు రౌండ్లు కొట్టు’ అని ఉరికిస్తరు. నేను కూడ చాన ఏండ్లు గట్లనే చేసిన. ఆ పిల్లలు గేమ్స్ పీరియడ్ రాంగనే కడుపునొప్పి అంటరు. ఇప్పుడు రౌండ్లు బంద్. కబడ్డీల బరువున్న పిల్ల డిఫెన్స్‌ల నిలబడితే రెయిడర్ కదలలేడు, ఆ పిల్లకు గర్వమనిపిస్తది, రోజూ వస్తది. రోజుకొక గంట ఆట కావాలె, అది నిజమే. బరువు పేరు చెప్పి ఆడిపిస్తే మాత్రం వారం కంటె ఎక్కువ నడువది. ఆరింటి ట్యూషన్ ఉన్న పిల్లకు ఆ గంట యాడికెళ్లి వస్తదో తల్లిదండ్రులు ఆలోచన చెయ్యాలె.

ఓరుగల్లు నాన్న

రెండు రోజులు రాయలే. తులసికోట మేడమ్ ఆదివారం తూకం మాట చెప్పినంక మా వాన్ని కూసోబెట్టి నిమ్మళంగ అడిగిన. శనివారం మధ్యాహ్నం నుంచి ఏం తింటలేడట. మంచినీళ్లు గూడ తక్కువ తాగుతున్నడట. ఆదివారం తూకం అయినంక పక్క సందుల దోస్తు ఇంటికి పోయి, నేనిచ్చిన వంద రూపాయలతోనే నూడుల్స్ తింటున్నడు.

మా ఇంటామెకు ఈ ముచ్చట తెలుసంట. నాకు భయపడి చెప్పలే.

తూకం మిషన్ అటక మీద పెట్టిన. కూల్ డ్రింకుల మాట మీద మాత్రం నేను తగ్గ. ఇంట్లకు రానియ్య.

తులసికోట

కూల్ డ్రింకులు ఇంట్లోకి తేకపోవడం మీ హక్కు, అందులో తప్పే లేదు. ఏం కొనాలో పెద్దవాళ్ల పని అని మొదటే అన్నాను. అయితే మీరూ తాగకూడదు, బయట పుట్టినరోజులో వాడు తాగితే ఇంటికొచ్చాక విచారణ ఉండకూడదు.

బాబుని ఒకసారి డాక్టరుకి చూపించండి. పన్నెండేళ్లు ఎత్తు పెరిగే వయసు. ఆ వయసులో రెండు నెలల్లో రెండు కిలోలు తగ్గాడంటే, అందులో చక్కెర పాలు మానేసినందుకు ఎంత, ఆకలితో మాడినందుకు ఎంత అన్నది చూడాలి. కళ్లు తిరగడం, చిరాకు, చాటుగా తినడం, తిన్నాక వెంటనే బాత్రూంకి వెళ్లడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి.

నందివర్ధనం

తులసికోట గారూ, ఒక విషయంలో నాకు అనుమానం ఉంది. పిల్లతో బరువు మాటే ఎత్తకూడదని చాలామంది అంటారు. మా అమ్మ కూడా కొన్నాళ్లకి ఆ మాట ఎత్తడం ఆపేసింది. ఇంట్లో ఆ మాట లేదు, స్కూల్లో మాత్రం రోజూ ‘డ్రమ్ము’ అనేవాళ్లు. నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మౌనం కూడా ఒక తీర్పులాగే ఉండేది.

తులసికోట

మీరు చెప్పింది నాకు తెలుసు, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో టీనేజీ పిల్లల గురించి డాక్టర్లకి ఇచ్చిన సలహాలో, ఇళ్లల్లో బరువు గురించి మాట్లాడటం తగ్గాలి, కలిసి భోంచేయడం పెరగాలి అనే ఉంది. నేను చూసినంతలో అమ్మ తనంతట తాను ఎత్తకపోవడమే మంచిది. పిల్ల ఎత్తితే మటుకు మాట తప్పించకూడదు. ‘నేను లావా అమ్మా?’ అంటే ‘అదేం లేదు, నువ్వు బంగారం’ అని కొట్టిపారేస్తే, తనకి అద్దంలో కనిపిస్తున్నది అమ్మకి చెప్పుకోలేనిది అయిపోతుంది. ‘ఎవరన్నారు? అప్పుడు నీకెలా అనిపించింది?’ అని అడగండి. ఆ తర్వాత ఏం చెప్పాలన్నది పిల్లను బట్టి ఉంటుంది.

కృష్ణలంక అమ్మ (ఆరు వారాల తర్వాత)

చాలామంది మెసేజ్ చేసి అడిగారు. రాస్తానన్నాను కదా, రాస్తున్నాను.

తాళం తీసిన రోజు పాపతో ‘తాళం వేయడం నా తప్పు. నీ బరువుకీ దానికీ ఇక సంబంధం లేదు’ అన్నాను. నమ్మలేదు. వారం రోజులు పొద్దున లేవగానే వెళ్లి బీరువా తలుపు లాగి చూసేది. తెరుచుకుంటే మూసేసి వచ్చేది. ఏమీ తీసుకునేది కాదు, తెరుచుకుంటుందో లేదో చూసేది.

మొదటి రెండు వారాలు నరకం. ఒక సాయంత్రం మినప సున్నుండలు నాలుగు తింది. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. మా అత్తయ్య ‘నువ్వు అటు చూడకు, నేనున్నానుగా’ అంది. ఆ మాట నాకు చాలా ఆసరా అయింది. మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఎప్పుడు తగ్గిందో గమనించలేదు. ఒకరోజు పెరుగన్నం తింటూ మధ్యలో లేచి ఆటకి పరిగెత్తింది.

బాక్సులో పప్పన్నం, ఆవకాయ పెడుతున్నాను. ఖాళీగా వస్తోంది. రాత్రి మూడోసారి అన్నం అడగడం లేదు. ట్యూషన్ వారానికి మూడు రోజులకి తగ్గించాం, మిగతా రోజులు కింద పిల్లలతో ఆడుతోంది.

అన్నీ కుదరలేదు. మా వారు ఇప్పటికీ ‘మరీ వదిలేశావు’ అంటున్నారు. తొమ్మిదింటికి ఆయన ఒక్కరే తినాల్సి వస్తోంది, అది ఆయనకి బాధగానే ఉంది. ఆదివారాలు మాత్రం అందరం కలిసి కూర్చుంటున్నాం. పోయిన వారం మళ్లీ ఒక చాక్లెట్ కాగితం దొరికింది. పరుపు కింద కాదు, స్కూల్ బ్యాగు పై జేబులో, మడత పెట్టకుండా. అడగలేదు. అడగకపోవడం మంచిదో కాదో తెలియదు.

బరువు చూడలేదు. సెప్టెంబర్ చివర్లో డాక్టరు దగ్గర చూపిస్తాం.

ఇంకో బెంగ ఉంది. నవంబర్‌లో స్కూల్లో మళ్లీ చెకప్ అట. మళ్లీ ఆ ఎర్ర ఇంకు కాగితం పాప చేతికే ఇస్తే ఏం చేయాలి?

తులసికోట

బ్యాగు జేబులో కాగితం గురించి అడగకండి. దాచలేదు కదా.

స్కూలుకి ఇప్పుడే ఒక ఉత్తరం రాయండి. మూడు విషయాలు అడగండి: తూకం తెర చాటున ఒక్కో పిల్లకి విడిగా చూడాలి, అంకె పైకి చదవకూడదు, రిపోర్టు అతికించిన కవర్లో తల్లిదండ్రుల పేరు మీద పంపాలి. కుదరదంటే మా పాపని ఆ రోజు చూడొద్దు, మా డాక్టరు ఇచ్చిన కొలతలు మేమే తెచ్చిస్తాం అని రాయండి. ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లుల చేత సంతకం పెట్టిస్తే వాళ్లు త్వరగా వింటారు.

గ్రౌండు మాస్టారు

మా బడిల తూకం పట్టేది నేనే. ఇన్నేండ్లు లైన్ల నిలబెట్టి గట్టిగ చదివి రాపిచ్చిన. ఈసారి స్టాఫ్ రూంల ఒక్కొక్కరిని పిలుస్త. కవర్ల సంగతి హెడ్మాస్టర్ సార్‌తోని మాట్లాడత. విజయవాడ అమ్మా, మీ ఉత్తరం రాసినంక ఈడ పెట్టుండ్రి, నాకు గూడ పనికొస్తది.

కృష్ణలంక అమ్మ

తప్పకుండా మాస్టారూ. బస్సులో పాపతో పాటు వెళ్లే ఇద్దరు పిల్లల అమ్మలతో రేపు మాట్లాడతాను. రాసింది ఇక్కడే పెడతాను.